వెలుతురు ఎక్కువున్న సన్నివేశాల్లో తెలుగు సబ్‌టైటిళ్లు కనబడటం లేదు: అక్షర పరిమాణం, అంచు, వెనుక పెట్టె ఎలా అమర్చాలి?

గోదారిగట్టు
మా నాన్నగారికి వినికిడి తగ్గినప్పటి నుంచి ఇంట్లో ఏ సినిమా చూసినా తెలుగు సబ్‌టైటిళ్లు పెట్టుకునే చూస్తున్నాము. ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి ఎంపీవీ ప్లేయర్‌లో చూస్తాము, ఆయన టీవీకి సుమారు పది అడుగుల దూరంలో కూర్చుంటారు. రాత్రి సన్నివేశాల్లో ఏ ఇబ్బందీ లేదు. ఉప్పు మడులు, ఎండలో మెరిసే నీళ్లు, తెల్ల పంచెలు కట్టుకున్న జనం తెర నిండా ఉన్నప్పుడు మాత్రం తెల్లటి అక్షరాలు వాటిలో కలిసిపోతున్నాయి, ఆయన సగం వాక్యం చదివి ఆగిపోతున్నారు. అక్షరాలు పెద్దవి చేస్తే ఒక్కో సంభాషణ మూడు వరుసలై మనుషుల ముఖాల మీదికి వస్తోంది. ఒక పాత పోస్టులో చూసి వెనుక నల్లటి పెట్టె కోసం చివరి వరుస చేర్చాను, అయినా పెట్టె రావడం లేదు. నా సెట్టింగులు ఇవి:

```
sub-font="Noto Sans Telugu"
sub-font-size=60
sub-bold=yes
sub-back-color="#80000000"
```

పసుపుకుంకుమ
అక్షరాల రంగును పసుపుపచ్చకు మార్చండి. పాత డీవీడీలలో పసుపు అక్షరాలే ఉండేవి, ఎప్పుడూ ఇబ్బంది పడలేదు.

నీలాటిరేవు
పసుపు వల్ల తెలుపులో కలిసిపోయే బాధ కొంత తగ్గుతుందని ఒప్పుకుంటాను, కానీ పసుపు కూడా దాదాపు తెలుపంత వెలుగున్న రంగే. కంటికి అక్షరాన్ని విడదీసి చూపించేది ముఖ్యంగా వెలుగులో ఉండే తేడా. అంచు లేని పసుపు అక్షరాన్ని ఎండుగడ్డి మీదనో ఇసుక మీదనో పెట్టి చూడండి, తెలుపు కంటే మెరుగ్గా ఏమీ ఉండదు. పాత డీవీడీలలో మీకు బాగా కనబడటానికి కారణం ఆ అక్షరాల చుట్టూ ఉన్న నల్లటి అంచు అయి ఉంటుంది.

అచ్చుపెట్టె
గోదారిగట్టు గారూ, పెట్టె రాకపోవడానికి కారణం మీ పాత పోస్టే. ఒకప్పుడు ఎంపీవీలో `sub-back-color` ఒక్కటి ఇస్తే వెనుక పెట్టె దానంతట అదే వచ్చేది. కొత్త వెర్షన్లలో ఆ పద్ధతి మార్చారు. ఇప్పుడు అదే రంగు మామూలుగా అక్షరం నీడకు వర్తిస్తుంది, నీడ దూరం మొదటి నుంచీ సున్నా కాబట్టి మీకు ఏ మార్పూ కనబడదు. పెట్టె కావాలంటే అంచు శైలిని విడిగా చెప్పాలి:

```
sub-border-style=background-box
sub-back-color="#80000000"
sub-shadow-offset=6
```

మూడో వరుసను వదిలేయకండి. ఈ శైలిలో ఆ అంకె నీడ దూరం కాదు, అక్షరాలకూ పెట్టె అంచుకూ మధ్య విడిచే ఖాళీ. అది సున్నా అయితే పెట్టె అక్షరాలను అంటుకుని ఉంటుంది, "రాష్ట్రం", "స్త్రీ" వంటి మాటల్లో ఒత్తుల కింది భాగం పెట్టె అంచు దాకా వెళ్లిపోతుంది, ఒక్కో ఫాంటులో బయటికీ వస్తుంది.

`opaque-box` అని ఇంకొక శైలి కూడా ఉంది, దాన్ని తెలుగుకు వాడవద్దని నా అభిప్రాయం. అది ప్రతి వరుసకూ విడి పెట్టె గీస్తుంది. రంగు సగం పారదర్శకంగా ఉండి రెండు పెట్టెలు ఒకదానిపై ఒకటి కొంత ఎక్కితే, ఎక్కిన చోట ముదురు పట్టీ కనబడుతుంది. సరిగ్గా మన ఒత్తులు ఉండేది ఆ చోటే.

కాకినాడకాజా
నేను `sub-border-style` వేస్తే అసలు అలాంటి ఐచ్ఛికమే లేదని టెర్మినల్‌లో వచ్చింది. నా సిస్టమ్‌లో ఉన్నది డిస్ట్రిబ్యూషన్‌తో పాటు వచ్చిన పాత వెర్షన్.

అచ్చుపెట్టె
అయితే మీకు పాత పద్ధతే పనిచేస్తుంది, `sub-back-color` ఒక్కటీ ఉంచండి చాలు. ముందుగా `mpv --version` చూసుకుని, తరువాత ఎవరి సెట్టింగులైనా తెచ్చుకోవడం మంచిది. అక్షర పరిమాణం విషయంలోనూ ఇదే జరిగింది. పాత వెర్షన్లలో ఏమీ చెప్పకపోతే పరిమాణం 55, అంచు 3 ఉండేవి. ఇప్పుడు అవి 38, 1.65. వెర్షన్ మారిన తరువాత అక్షరాలు చిన్నవయ్యాయని కొందరు కళ్లను అనుమానించడానికి కారణం అదే.

రైలుకిటికీ
మా ఇంట్లో పెన్‌డ్రైవ్‌ను నేరుగా టీవీకి పెడితే తెలుగు సబ్‌టైటిళ్ల స్థానంలో ఖాళీ గళ్లు వస్తున్నాయి. పెట్టె రావడం లేదని మీరు బాధపడుతున్నారు, మాకు పెట్టెలు తప్ప ఏమీ రావడం లేదు. దీనికి కూడా ఇదే సెట్టింగా?

నీలాటిరేవు
రైలుకిటికీ గారూ, మీది వేరే సమస్య. మీ టీవీలోని ప్లేయర్‌కు తెలుగు ఫాంటు లేనందువల్ల ఒక్కో అక్షరం స్థానంలో ఒక్కో గడి వస్తోంది. గళ్లు కాక పిచ్చి గుర్తులు వస్తూ ఉంటే ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరిచి చూడమనేవాడిని, గళ్లే వస్తున్నాయి కాబట్టి ఫైలులో తప్పు లేదు. టీవీలో ఫాంటు చేర్చే వీలు సాధారణంగా ఉండదు. గోదారిగట్టు గారిలా ల్యాప్‌టాప్ కలపడమో, టీవీ ఆండ్రాయిడ్‌ది అయితే వేరే ప్లేయర్ వేసుకోవడమో మార్గం.

గోదారిగట్టు
అచ్చుపెట్టె గారూ, పెట్టె వచ్చింది, చాలా కృతజ్ఞతలు. ఉప్పు మడుల సన్నివేశంలో ఇప్పుడు అక్షరాలు విడిగా తెలుస్తున్నాయి. అయినా ఆ పెట్టె బూడిద రంగులో పలచగా కనబడుతోంది, చదవడానికి ఇంకా కొంచెం కష్టపడుతున్నామని నాన్నగారు అంటున్నారు. పూర్తి నలుపు చేస్తే కింది భాగమంతా మూసినట్టు ఉంటుందేమోనని సందేహిస్తున్నాను.

కొలతబద్ద
మీ సందేహాన్ని లెక్కతో తేల్చవచ్చు. `#80000000`లో మొదటి రెండు అంకెలు పెట్టె ఎంత గట్టిగా ఉండాలో చెబుతాయి: `00` అయితే పెట్టె అసలు కనబడదు, `FF` అయితే పూర్తి నలుపు. `80` అంటే సుమారు సగం. ఆ పెట్టె వెనుక పూర్తి తెల్లటి దృశ్యం ఉంటే పెట్టె రంగు మధ్యస్థ బూడిద అవుతుంది, దాని మీద తెల్ల అక్షరానికి దక్కే వెలుగు నిష్పత్తి దాదాపు 4:1. వెబ్ పేజీలలో మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని ప్రమాణం ఉంది, అంటే మీ పెట్టె దానికంటే కొంచెం తక్కువలో ఆగిపోయింది. నాన్నగారికి కలుగుతున్న ఇబ్బంది సరిగ్గా అదే.

`A0` పెడితే తెల్లటి దృశ్యం మీద కూడా నిష్పత్తి 6:1 దాటుతుంది, `C0` పెడితే 10:1 దాటుతుంది. నేను `A0`తో మొదలుపెట్టమంటాను. లెక్క వేసింది అన్నిటికంటే కష్టమైన సందర్భానికి కాబట్టి, వెలుగు కొంచెం తక్కువున్న ఏ దృశ్యంలోనైనా ఫలితం ఇంతకంటే మెరుగ్గానే ఉంటుంది. పెట్టె వెనుక బొమ్మ కదలడం కూడా తెలుస్తూనే ఉంటుంది.

మల్లెపందిరి
నేను అదే రంగును కొటేషన్ గుర్తులు లేకుండా రాస్తే ఏ ప్రభావమూ కనబడలేదు.

కొలతబద్ద
సెట్టింగుల ఫైలులో `#` తరువాత రాసినదాన్ని ప్లేయర్ వ్యాఖ్యగా భావించి వదిలేస్తుంది, అందువల్ల కొటేషన్ గుర్తులు తప్పనిసరి. ఇంకొక జాగ్రత్త కూడా చెబుతాను: రంగు, ఫాంటు లోపలే రాసి ఉండే ఏఎస్ఎస్ రకం సబ్‌టైటిల్ ఫైలులో ఉన్న రంగును ఇక్కడికి నేరుగా తెచ్చుకోకండి. అక్కడ `00` అంటే పూర్తిగా గట్టిది, `FF` అంటే కనబడనిది. పైగా ఎరుపు, నీలం స్థానాలు కూడా తారుమారుగా ఉంటాయి.

పాతబస్తీ_వెంకట్
పెట్టె కంటే లావాటి అంచే మేలనుకుని నేను అంచును 5 దాకా పెంచి, బోల్డ్ కూడా పెట్టాను. ఇంగ్లీషుకు బాగానే ఉంది. తెలుగులో మాత్రం "థ" మధ్యలోని చుక్క కనబడక "ద"లాగా ఉంటోంది, "ఠ" చూస్తే "ర"నో "ఠ"నో తెలియడం లేదు. తెలుగు అక్షరాల్లో చిన్న చిన్న ఖాళీలు ఎక్కువ కాబట్టి లావు అంచు వాటిని పూడ్చేస్తుంది. అందువల్ల తెలుగుకు అంచు పనికిరాదు, పెట్టె ఒక్కటే దారి.

అచ్చుపెట్టె
వెంకట్ గారు గమనించినది నిజం, కానీ దానికి అంచు కారణం కాదని నా నమ్మకం. ఎంపీవీలో అక్షరాలను గీసే లిబాస్ ముందుగా సంభాషణ మొత్తానికి అంచులు గీసి, ఆపైన తెల్లటి అక్షరాలను గీస్తుంది. అంచు ఎంత లావైనా తెల్లటి గీత మందం మారదు. "థ" లోపలి ఖాళీ నల్లగా నిండుతుంది, ఆ నలుపు మీద తెల్ల చుక్క ఇంకా స్పష్టంగా కనబడాలి.

అసలు కారణం బోల్డ్ అయి ఉండాలి. మీరు ఎంచుకున్న ఫాంటుకు నిజమైన బోల్డ్ రూపం లేకపోతే, ప్లేయర్ ఉన్న గీతలనే ఉబ్బించి లావు చేస్తుంది. అప్పుడు తెల్లటి గీతే లోపలికి పెరిగి చుక్కను మింగేస్తుంది. బోల్డ్ తీసేసి అంచు 5 అలాగే ఉంచి ఒకసారి చూడండి.

పాతబస్తీ_వెంకట్
తీసి చూశాను, చుక్క తిరిగి వచ్చింది. అయినా అంచు 5 దగ్గర పక్కపక్క అక్షరాల అంచులు కలిసిపోయి మాట మొత్తం నల్లటి ముద్ద మీద రాసినట్టు ఉంది, అది కంటికి హాయిగా లేదు.

అచ్చుపెట్టె
అది మాత్రం అంచు వల్లే. 2.5 నుంచి 3 మధ్యలో ఆపండి. ఈ అంకెలు 720 గీతల ఎత్తున్న కిటికీకి లెక్క వేసినవి, 1080 తెర మీద ఒకటిన్నర రెట్లవుతాయి, కాబట్టి 3 అంటే నాలుగున్నర పిక్సెళ్ల అంచు. నిశ్చలంగా ఉన్న తెల్లటి గోడకో, మంచుకో ఆ మాత్రం అంచు సరిపోతుంది. ఆకులు ఊగుతున్న చెట్టు, నీటి మీద మెరుపులు, చిన్న పూల చీర వంటివి వెనుక ఉన్నప్పుడు అంచు ఎంతున్నా చాలదు, ఎందుకంటే దృశ్యంలోని నల్లటి, తెల్లటి ముక్కలు కూడా అక్షరపు గీతలంత సన్నగానే ఉంటాయి. కన్ను వాటిని అక్షరాలతో కలిపేసుకుంటుంది. పెట్టె నిజంగా అవసరమయ్యేది అక్కడే.

మల్లెపందిరి
గోదారిగట్టు గారు అడిగిన మూడు వరుసల సంగతి ఎవరూ చెప్పలేదు. నా దగ్గర ఇంగ్లీషు ఫాంటుకు 38 సరిపోతుంది, నోటో సాన్స్ తెలుగుకు అదే 38 పెడితే అక్షరాలు బాగా చిన్నవిగా వస్తున్నాయి. అందువల్లనే అందరూ 60 దాకా వెళ్తున్నారని అనుకుంటున్నాను.

అచ్చుపెట్టె
మంచి ప్రశ్న. లిబాస్‌లో పరిమాణం అంటే అక్షరం ఎత్తు కాదు. ఫాంటు పై హద్దు నుంచి కింది హద్దు వరకు ఉన్న మొత్తం ఎత్తు. తెలుగు ఫాంటులో పైన గుడులకూ కింద ఒత్తులకూ చోటు విడిచి ఆ హద్దులను దూరంగా పెడతారు. ఆ మొత్తాన్ని 38లో ఇమిడ్చితే మధ్యలో ఉన్న అసలు అక్షరం కుంచించుకుపోతుంది. అందువల్ల ఫాంటు మారిస్తే అంకెను కూడా మార్చక తప్పదు. ఒక ఫాంటుకు కుదిరిన అంకె ఇంకొక ఫాంటుకు కుదరదు.

ఇందులో ఒక మేలు కూడా ఉంది. ఒక వరుస ఎత్తు దాదాపు ఆ అంకె అంతే ఉంటుంది కాబట్టి, తెర మీద ఎంత చోటు పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. 60 పెడితే 1080 తెర మీద ఒక్కో వరుస 90 పిక్సెళ్లు. మూడు వరుసలైతే 270, అంటే తెరలో నాలుగో వంతు. ముఖాలు మూసుకుపోవడంలో ఆశ్చర్యం లేదు. 46కు తగ్గిస్తే వరుస 69 అవుతుంది, వరుసలో ఎక్కువ మాటలు పడతాయి కాబట్టి చాలా సంభాషణలు రెండు వరుసల్లోనే ఆగుతాయి. వెనుక పెట్టె గట్టిగా ఉంటే 46 అక్షరాలు, పెట్టె లేని 60 కంటే సులభంగా చదవగలరు. సినిమా నడుస్తుండగా షిఫ్ట్‌తో G నొక్కితే అక్షరాలు పెరుగుతాయి, షిఫ్ట్‌తో F నొక్కితే తగ్గుతాయి. నాన్నగారినే కూర్చోబెట్టి ఆయన చాలన్న చోట ఆపండి.

తెరవెనుక
నేను ఎడిటింగ్ చేసేవాడిని, ఈ పెట్టెల చర్చ చదువుతుంటే బాధ కలుగుతోంది. ఛాయాగ్రాహకుడు ఫ్రేమ్ కింది భాగాన్ని కూడా ఆలోచించే వెలిగిస్తాడు, దాని మీద నల్లటి పలక పెట్టడం నాకు ఇష్టం లేదు. సినిమాస్కోప్ చిత్రాలకు అసలు పెట్టె అవసరమే రాదు. 2.39:1 నిష్పత్తి ఉన్న చిత్రం 1080 తెర మీద సుమారు 804 పిక్సెళ్ల ఎత్తే ఆక్రమిస్తుంది, పైనా కిందా చెరో 138 పిక్సెళ్ల నల్ల పట్టీ మిగులుతుంది. అక్షరాలను ఆ పట్టీలోకి దించితే చాలు, దృశ్యంలో ఎంత వెలుతురు ఉన్నా ఇబ్బంది ఉండదు. ఎస్ఆర్‌టీ ఫైళ్లను ఆ పట్టీలోకి రానిచ్చే ఏర్పాటు ఎంపీవీలో ముందు నుంచే ఉంది. మనం కింది అంచు నుంచి దూరం తగ్గించి, పరిమాణం సరిచూసుకోవాలి:

```
sub-font-size=42
sub-margin-y=5
```

42 పరిమాణానికి వరుస 63, రెండు వరుసలు 126, కింద ఖాళీ ఎనిమిది లోపు. మొత్తం 138 లోపే ఇమిడిపోతుంది.

కొలతబద్ద
లెక్క సరైనదే. అయితే తెర నిండా వచ్చే చిత్రాలకు, సీరియళ్లకు ఆ పట్టీ ఉండదు, వాటికి పెట్టె తప్పదు. పైగా పది అడుగుల దూరం నుంచి 42 చాలుతుందో లేదో చదివేవారే చెప్పాలి. చదవలేని మనిషికి ఫ్రేమ్ అందం పూర్తిగా దక్కినా సంభాషణ దక్కదు.

తెరవెనుక
చదవలేని పరిస్థితిలో పెట్టె వద్దని నేను అనను. అన్ని చిత్రాలకూ ఒకే సెట్టింగు శాశ్వతంగా పెట్టేయవద్దని మాత్రమే నా మనవి.

వేమవరం_సుధ
నా దగ్గర ఒక ఫైలుకు ఈ మార్పులేవీ వర్తించడం లేదు. పరిమాణం ఎంత పెట్టినా అక్షరాలు అలాగే ఉన్నాయి.

అచ్చుపెట్టె
సుధ గారూ, మీ సబ్‌టైటిల్ ఏఎస్ఎస్ రకానిది అయి ఉంటుంది. ఆ రకం ఫైలులో ఫాంటు, రంగు, అంచు అన్నీ లోపలే రాసి ఉంటాయి, ప్లేయర్ వాటిని గౌరవిస్తుంది. సినిమా నడుస్తుండగా `u` నొక్కితే ఆ శైలిని పక్కన పెట్టి మీ శైలిని వాడుతుంది. అయితే తెరలో ఉన్న బోర్డులకూ ఉత్తరాలకూ పక్కన అమర్చిన అనువాదాలు అప్పుడు రూపం కోల్పోవచ్చు, కాబట్టి అవసరమైనప్పుడే నొక్కండి. `u`కు కూడా మారకపోతే అది బ్లూరే నుంచి తీసిన బొమ్మల సబ్‌టైటిల్ కావచ్చు. అందులో అక్షరాలు ఉండవు, అక్షరాల బొమ్మలే ఉంటాయి. దాన్ని పెద్దది చేయవచ్చు, పైకీ కిందికీ జరపవచ్చు. ఫాంటు, అంచు, పెట్టె మార్చలేము.

వేమవరం_సుధ
`u` నొక్కగానే మారింది.

రైలుకిటికీ
ఆండ్రాయిడ్ టీవీ కాదు మాది. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ ఉంది, అందులో పెట్టె వస్తుందా?

నీలాటిరేవు
వస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిళ్ల విభాగానికి వెళితే ఫాంటు, పరిమాణం, అంచు మందం, నేపథ్యం చేర్చే గడి అన్నీ ఒకే చోట ఉంటాయి. పెట్టె ఎంత గట్టిగా ఉండాలో మార్చాలంటే అన్ని సెట్టింగులూ చూపించే పద్ధతికి మారి, టెక్స్ట్ రెండరర్ విభాగంలో నేపథ్యపు అపారదర్శకత అంకె వెతకాలి. అది 0 నుంచి 255 వరకు ఉంటుంది, కొలతబద్ద గారు చెప్పిన `A0` ఇక్కడ 160 అవుతుంది. మార్పు వెంటనే కనబడకపోతే ప్లేయర్‌ను మూసి మళ్లీ తెరవండి.

గోదారిగట్టు
నిన్న రాత్రి నాన్నగారిని కూర్చోబెట్టి అన్నీ సరిచూశాము. తెర నిండా వచ్చే చిత్రాలకు ప్రస్తుతం ఇలా ఉంచాను:

```
sub-font="Noto Sans Telugu"
sub-font-size=48
sub-outline-size=2.5
sub-border-style=background-box
sub-back-color="#A0000000"
sub-shadow-offset=6
```

బోల్డ్ తీసేశాను. ఉప్పు మడుల సన్నివేశం ఆయన ఎక్కడా ఆగకుండా చదివారు. స్కోప్ చిత్రాలకు తెరవెనుక గారి 42 ప్రయత్నించాము, అది ఆయనకు చాలలేదు. 48 పెడితే రెండు వరుసలు కలిపి 144 అవుతున్నాయి, పై వరుస తలకట్లు కొన్ని బొమ్మ మీదికి ఎక్కుతున్నాయి. పెట్టె లేకుండా అలాగే ఉంచవచ్చా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

ఇంకొక ఇబ్బంది మిగిలింది. సంభాషణ మారినప్పుడల్లా పెట్టె వెడల్పు మారుతోంది, ఇద్దరు వేగంగా మాట్లాడుకునే చోట అది చిన్నదవుతూ పెద్దదవుతూ ఉండటం వల్ల చూపు అటే పోతోందని అమ్మ అంటున్నారు. వెడల్పు మారకుండా ఒకే కొలతలో పెట్టెను నిలిపే మార్గం ఏదైనా ఉందా?

కొలతబద్ద
వెడల్పును నిలిపే సెట్టింగు నాకు కనబడలేదు, ఆ పెట్టె ఎప్పుడూ లోపలి మాటలను బట్టే గీయబడుతుంది. పెట్టెను `80`కి తగ్గించి అంచును 3కి పెంచితే ఆ కదలిక తక్కువగా తెలుస్తుంది, కానీ నాన్నగారికి కావలసిన స్పష్టత కొంత పోతుంది.

తెరవెనుక
స్కోప్ చిత్రాలకు 46 పెట్టి, `sub-margin-y=0` చేసి చూడండి. రెండు వరుసలు సరిగ్గా 138 అవుతాయి. మీ టీవీ అంచులను కత్తిరించి చూపించే రకం అయితే కింది వరుస ఒత్తులు తెగిపోతాయి, అది ముందు చూసుకోండి.